సెలవు రోజు తప్పిన అద్దె

బ్యాంకులో మూడో కౌంటరు మేడమ్‌కు నోరు దురుసు. కుట్టుపని చేసే ఒకావిడ ఇంట్లో ఆర్నెల్లుగా అద్దెకుంటోంది. నెల ఒకటిన అద్దె దానంతటదే వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టుకుంది. ఈసారి ఒకటిన బ్యాంకు సెలవు కావడంతో జీతం రెండున పడింది. ఇన్‌స్ట్రక్షన్ మాత్రం ఒకటి తెల్లవారుజామునే ఖాతా చూసి, డబ్బు చాలక ఫెయిలైంది. ఆ మెసేజ్ ఆమె చూసుకోలేదు.

ఆరో తేదీన ఇంటావిడ అద్దెతోపాటు లేటు ఫీజూ అడిగింది.

“సెలవిచ్చింది నేనా పిన్నిగారూ? నాకెందుకు ఫీజు?” అని మేడమ్ మండిపడింది.

ఇంటావిడ మిషను ఆపింది.

“పోయినేడు నా లోను వాయిదా ఇలాగే సెలవు రోజున తప్పి ఫైను పడితే నీ కౌంటరుకే వచ్చానమ్మా. ‘ముందురోజే డబ్బు ఉంచుకోవాలి, నీకు తెలీకపోతే మా తప్పా’ అన్నావు. లైనంతా నవ్వారు. అదే న్యాయం కాబోలనుకుని నేనూ ఆ షరతే అద్దె కాగితంలో రాయించాను. కాదంటే చెప్పు, కొట్టేయిస్తా.”

మేడమ్‌కు ఆ నవ్వులు గుర్తొచ్చాయి, ఆ లైన్లో ఈవిడ ముఖమే గుర్తులేదు. అద్దె, ఫీజు రెండూ లెక్కపెట్టి ఆవిడ చేతిలో పెట్టింది.

“ఇక్కడ నవ్వడానికి లైన్లో ఎవరూ లేరులేమ్మా” అంది ఇంటావిడ, మెల్లగా.