డబుల్ యాక్షన్, ఒక బొటనవేలు

సినిమాలో ఒకే పోలికతో ఇద్దరుంటే కన్నతల్లి కూడా ఎవరెవరో పోల్చుకోలేదు. ఆ సీను వచ్చినప్పుడల్లా నాకు నవ్వాగేది కాదు. నేనూ మా అక్కా కవలలం. ముక్కూ మొహం, జడ పొడవు, చివరికి తుమ్ము కూడా ఒకటే. అయినా మా ఇంటి గేదెకు తేడా తెలుసు. అక్క కూర్చుంటే పాలిచ్చేది, నేను కూర్చుంటే తన్నేది. గేదెపాటి తెలివి లేని తల్లులను ఆ సినిమాల్లో ఎక్కణ్ణించి తెచ్చేవారో తెలియదు.

మనుషులకు మాత్రం నోరు తెరిస్తేనే తేడా తెలిసేది. అక్కకు నత్తి. పాట పాడితే ఎక్కడా తడబడదు గానీ మాట దగ్గర ఆగిపోతుంది. అన్నిటికంటే ఎక్కువగా తన పేరు దగ్గరే ఆగిపోతుంది. అది మొదలుపెట్టిన మాటను ఇంట్లో ఎవరో ఒకరు అందుకుని పూర్తి చేసేవాళ్లు. ఎక్కువగా నేనే.

పందొమ్మిది వందల అరవైల మొదట్లో మా పల్లెకు సినిమా అంటే ముత్తుకూరు డేరా హాలే. ఆడవాళ్లందరం ఒకపక్క ఇసకలో కూర్చునేవాళ్లం. అక్కడ బొమ్మ వేసే మిషను ఒకటే కాబట్టి రీలు అయిపోగానే దీపాలు వేసేవారు. ఇంకో రీలు ఎక్కించేలోపు మా మేనత్త చుట్టుపక్కలవాళ్లకు కథ విప్పి చెప్పేది. మా ఇంట్లోనే ఉండే ఆ అత్తకు డబుల్ యాక్షన్ సినిమాలంటే ప్రాణం.

"ఇద్దరుండారని మనకు తెలుసు, ఆ కథలో జనానికి తెలీదు. అదీ కిటుకు" అనేది. "అందుకే చిన్నప్పుడే తిరణాల్లో విడదీసి, ఒకణ్ణి ఆ ఊళ్లో, ఇంకొకణ్ణి ఈ ఊళ్లో పెంచుతారు. ఇద్దరూ తారుమారైనాక నడక తేడా వస్తే, తలకు దెబ్బ తగిలిందని ముందే ఒక డాక్టరు చేత చెప్పిస్తారు. కుక్క మటుకు కనిపెట్టేస్తది. దానికి డాక్టరు మాట అర్థం కాదు గదా!"

ఈ విద్యంతా అక్క పెళ్లికి పనికొస్తుందని మేమెవరమూ అనుకోలేదు. నత్తి సంగతి తెలిసి అప్పటికే వచ్చిన సంబంధాలు వెనక్కి పోయాయి. నాన్న బెంగపెట్టుకుని అన్నం సరిగ్గా తినడం మానేశాడు. అంతలో కావలి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మద్రాసులో ఒక స్టూడియోలో కెమెరా అసిస్టెంటు. మాకు దూరపు చుట్టమైన మధ్యవర్తి వాళ్లతో ఒక పిల్ల ఉందని మాత్రమే చెప్పాడు.

అత్త కళ్లు మెరిశాయి. పెళ్లిచూపుల్లో అక్క స్థానంలో నన్ను కూర్చోబెట్టాలని తీర్మానించింది. పీటల మీద మాత్రం అక్కే. "పిల్ల జరం పడి లేచిందని ఇప్పుడే ఒక మాట వేస్తాను. పెళ్లయినాక నత్తి బయటపడితే, జరం తిరగబెట్టి నాలిక మొద్దుబారిందని చెప్పొచ్చు" అంది. సినిమాలో తలకు దెబ్బ, మా ఇంట్లో జ్వరం. నాన్న వద్దనలేదు. మొదటిసారి నాన్న మీద నాకు అసహ్యం వేసింది.

అక్క నా జడ అల్లుతూ ఒక్కటే అడిగింది. "కా... కాపరానికి గూడా నువ్వే వచ్చి మా... మాట్లాడతావా?"

జడ పూర్తికాకముందే లేచి కుడితి తొట్టి దగ్గరికి వెళ్లిపోయాను.

పెళ్లిచూపుల రోజు అక్కను పెరట్లో పశువుల కొట్టంలో కూర్చోబెట్టారు. ఊరికే కూర్చోలేక చేపలు కోస్తూ ఎడమ బొటనవేలు కోసుకుంది. అత్త పసుపు అద్ది గుడ్డ చుట్టింది. వాకిట్లో కాళ్లు కడుక్కోవడానికి గంగాళం నిండా నీళ్లు పెట్టాం. అంతా అత్త రాసుకున్న కథ ప్రకారమే జరిగేది, ఆ అబ్బాయి బండి దిగుతూ మోకాలిదాకా బురదలో దిగబడకపోతే. అంత బురదతో వాకిట్లోకి రావడానికి మొహమాటపడి, ఇంటి పక్కగా పెరట్లో బావి దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఒక ఆడపిల్ల మాట్లాడకుండా నీళ్ల చెంబు అందించింది. మాకు ఇదేమీ తెలియదు.

లోపల నేను సిగ్గు నటిస్తూ కూర్చున్నాను. పేరడిగితే అక్క పేరు గడగడా చెప్పాను. వాళ్లమ్మ పాట పాడమంది. అత్త లెక్కలో ఇది లేదు. నేను గొంతెత్తగానే బయట మేస్తున్న మేకలు తలలెత్తి చూశాయి. పాడగలిగిందేమో కొట్టంలో ఉంది!

పాట మాట మరిపించడానికి అత్త అబ్బాయిని సినిమా సంగతులు అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే ఆశ కూడా ఉండింది.

"నాయనా, ఆ ఇద్దరూ ఒక్క మనిషేనా? పక్కపక్కన ఎట్టా నిలబడతారు?"

"ఒక్కడే అత్తా" అన్నాడతను. "కెమెరాను కదలకుండా బిగించేస్తాం. దాని కంటి అద్దం ముందర నల్ల అట్ట పెట్టి సగం మూసేస్తాం. ఎడమపక్క వేషం అయిపోయినాక, ఫిలుమును అంతే వెనక్కి తిప్పి, ఆ హీరో బట్టలూ మీసం మార్చుకొని వస్తే, అట్టను ఇంకోపక్కకు మార్చి కుడిపక్క తీస్తాం. ఈలోపల దీపం కూడా కదిలించకూడదు. మధ్యలో గీత కనపడకుండా ఒక స్తంభమో తలుపు అంచో పెట్టుకుంటాం. ఆ గీత దాటి చెయ్యి చాపితే చెయ్యి తెగిపోయినట్టు పడతది. అందుకే ఆ ఇద్దరూ ఒకరినొకరు తాకరు. కౌగిలించుకొనేటప్పుడు వీపు మటుకు డూపుది."

అత్త నోరు తెరుచుకుని వింటోంది. అతను నావైపు తిరిగాడు.

"నా పనేందంటే, పొద్దున తీసిన సగంలో చొక్కా గుండీ, చేతిలో గ్లాసు ఎట్టా ఉండాయో గుర్తుపెట్టుకోవడం. ఇందాక బావికాడ నాకు చెంబు ఇచ్చినప్పుడు ఈ అమ్మాయి ఎడమ బొటనవేలికి నెత్తురు గుడ్డ ఉండింది. ఇంత బిరీన ఎట్టా మానింది?"

అందరూ నా బొటనవేలు చూశారు. నున్నగా నిగనిగలాడుతోంది. నాన్న వాసాల వైపు చూశాడు.

"మా నాటుమందు అట్టాంటిది నాయనా" అంది అత్త. ఆమె ధైర్యానికి ఇప్పటికీ దండం పెట్టాలి.

వాళ్లమ్మ విసురుగా లేచింది. "మోసం! పదరా పోదాం" అంది. నాన్న రెండు చేతులూ జోడించాడు. అప్పుడు పెరటి గుమ్మంలో అక్క కనబడింది. చేపలు కోసిన చీరతోనే, వేలికి గుడ్డతోనే. నేరుగా వచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. ఏ కెమెరాకూ చేతకాని పని అది.

"నే... నేను పెద్దదాన్ని" అంది. "మా... మాట్లాడింది అది. నా... నాకు నత్తి."

అతను వాళ్లమ్మను కూర్చోమన్నాడు. కాసేపు మా ఇద్దరినీ చూసి అక్కతో అన్నాడు. "మా కాడ గూడా మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే సినిమా మొదట్లో ఇద్దరి పేర్లూ వేస్తాం. మీ పేరు ఇంకా పడలేదు."

అక్క పెదవులు బిగుసుకున్నాయి. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. మెడ నరాలు తేలాయి. ఎప్పటిలాగే అందుకోబోయి నేను నోరు తెరిచాను. అక్క గుడ్డ కట్టిన వేలితోనే నా చెయ్యి నొక్కింది. నోరు మూసుకున్నాను.

డేరా హాల్లో రీలు మార్చేంతసేపు పట్టింది. ఆ ఇంట్లో తొందరపడనివాడు అతనొక్కడే. ఆ తర్వాత అక్క పేరు, మొత్తం, అక్క నోటి నుంచే వచ్చింది.

బావ కావలి వెళ్లాక వాళ్లమ్మను ఎట్లా ఒప్పించాడో నాకు తెలియదు. ఆ రోజు నుంచి అక్క మాటను మధ్యలో నేను అందుకోలేదు. అత్త మాత్రం చివరిదాకా అందుకుంటూనే ఉంది, సగంసార్లు తప్పుగా.