సాంకేతిక సలహాదారు

మెకానిక్ చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఇరవై రెండేళ్లుగా కోల్డ్ స్టోరేజీల్లో కంప్రెసర్లు బాగుచేస్తున్నాడు. స్క్రూడ్రైవర్ కొన మోటారుకి ఆనించి, పిడి చెవికి నొక్కిపెట్టి, ఏ బేరింగ్ ఎన్నాళ్లలో పోతుందో చెప్పేస్తాడు. ఆ చెవి చేసే పనిని ఒక పరికరం చేత చేయిద్దామని వెంటపడింది ఎంబీఏ చదివిన బావమరిదే. కంపెనీ ఇద్దరిదీ చెరిసగం.

పెట్టుబడి అడగడానికి వెళ్లిన రోజు, లిఫ్టు కోసం నిలబడి, బావమరిది తయారుచేసిన ప్రెజెంటేషన్‌లో ‘మా బృందం’ పేజీని మెకానిక్ మొదటిసారి చూశాడు. బావమరిది ఫొటో కింద ‘వ్యవస్థాపకుడు’ అని, ఆపైన ఏడు వరుసలు: కాలేజీ, బంగారు పతకం, రెండు పెద్ద కంపెనీలు. తన ఫొటో కింద రెండే ముక్కలు: ‘సాంకేతిక సలహాదారు’.

“ఇదేంట్రా?”

“పదో తరగతని రాస్తే పరువు పోతుంది బావా. ఇదైతే గౌరవంగా ఉంటుందని...”

“ఎవడి పరువు?”

ఇంతలో లిఫ్టు వచ్చింది.

పెట్టుబడి పెట్టే ఆవిడ సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగింది. “సలహాదారు ఇవాళ ఉంటారు, రేపు వెళ్లిపోతారు. మరి కంపెనీ పెట్టినవాళ్లలో మిషన్ల సంగతి తెలిసిందెవరికి?”

బావమరిది మెకానిక్ వైపు తిరిగాడు. “అంటే, ఆయన కూడా... నువ్వు చెప్పు బావా!”

మెకానిక్, చేసి చూపిద్దామని తెచ్చి బల్లమీద పెట్టిన స్క్రూడ్రైవర్ తీసి జేబులో పెట్టుకుని లేచాడు.

“సలహాదారుని కదమ్మా, సలహా ఇస్తున్నా. ఇతన్ని నమ్మి రూపాయి కూడా పెట్టకండి.”