నాలుగు గీతల కార్ట్రిడ్జ్

చింతామణిలో నేను నడిపే టోనర్ రీఫిల్లింగ్ అంగడి మా అక్కది. నాకు పని నేర్పింది అక్కే, రోజూ తిట్టిందీ అక్కే. నేను గ్లౌజులు తొడుక్కుంటే, "వేళ్లకు గుడ్డ చుట్టుకోనుంటే పని యెట్ల తెలుస్తాదే నీకు?" అనేది. తను మాత్రం అన్నీ వట్టి చేతుల్తోనే చేసేది.

అక్కకు ఒక లెక్క ఉండేది. ఒక ప్రింటర్ కార్ట్రిడ్జ్‌లో టోనర్, అంటే నల్లపొడి, నింపిన ప్రతిసారీ దాని లోపలి గోడమీద సూదితో ఒక గీత గీసేది. నాలుగు గీతలు పడ్డాయంటే ఇక నింపేది కాదు. అప్పటికి లోపల తిరుగుతూ అచ్చు వేసే డ్రమ్ పూత అరిగిపోతుంది, దాన్ని తుడిచే రబ్బరు పట్టీ మొద్దుబారుతుంది, కాగితం మీద నల్లపొడి రాలుతుంది. అలాంటివి మూల పెట్టెలో పడేసేది. నెలకొకసారి చిక్కబళ్లాపురం నుంచి ఒకాయన వచ్చి రీసైక్లింగుకని పట్టుకెళ్లేవాడు.

అక్క పోయిన మధ్యాహ్నం ఒకరు బతిమాలారని ఒక కార్ట్రిడ్జ్ విప్పింది. లోపల నాలుగు గీతలూ కనిపించాయి. చేతిలోని డ్రమ్‌ను మళ్లీ బిగించి, "దీన్ని పెట్టెలో వెయ్యి. యెదలో యేమో బిగబట్టినట్లుండాది" అని బెంచీ మీద ఒరిగింది. మళ్లీ లేవలేదు.

ఆ కార్ట్రిడ్జ్‌ను చూస్తే నాకు ఒళ్లు మండేది. పదకొండో రోజు పెట్టెలో విసిరేశాను. నెలాఖరుకు పెట్టె ఖాళీ అయింది. పీడ విరగడైంది అనుకున్నాను.

ఆరు నెలల తర్వాత బాగేపల్లిలో జెరాక్స్ అంగడి పెట్టుకున్న ఒకావిడ బస్సు దిగి వచ్చింది. సంచిలో ఒక కార్ట్రిడ్జ్, కొన్ని కాగితాలు. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, దీన్ని బయట కొని నిన్న కొత్తగా వేసినాను. కాగితం తీసిన ప్రతిసారీ యెవరో యేలు పెడతాండారు. పరగోడునించి వచ్చిన ఆయప్ప తన పొలం పహణీ చూసి, ఇది యెవరి బొటనవేలమ్మా అని అడిగినాడు. ఇంక నా అంగడికి యెవరొస్తారు?"

కాగితం చూశాను. పై నుంచి కిందికి, నాలుగేసి వేళ్ల ఎడంతో, బూడిదరంగు వేలిముద్రలు. అందులో ఆశ్చర్యం లేదు. డ్రమ్‌కు వేలి జిడ్డు అంటితే ఆ చోట పొడి తప్పుగా పడుతుంది, డ్రమ్ తిరిగిన ప్రతిసారీ అదే మచ్చ వస్తుంది. ఆ మాటే చెప్పబోయాను. కాగితాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకున్నాను. ప్రతి ముద్రకూ అడ్డంగా ఏటవాలు గాటు ఉంది. మా ఊరు జంగమకోటెలో చిన్నప్పుడు మల్బరీ ఆకు కోస్తూ అక్క కోసుకున్న గాటు అది.

కార్ట్రిడ్జ్ విప్పాను. నాలుగు గీతలు. ఐదోసారి నింపినవాడెవడో గీత గీయలేదు, డ్రమ్ తుడవలేదు, పొడి పోసి మూసేశాడంతే.

ఆవిడకు వేరేది ఇచ్చి పంపి, చిక్కబళ్లాపురం ఆయనకు ఫోన్ చేసి అరిచాను.

"కోపం చేసుకోవద్దమ్మా. పగిలినవాటిని మిషన్లో తుంచి, ప్లాస్టిక్కు ఒక పక్క, ఇనుమూ అల్యూమినియమూ ఒక పక్క వేరు చేస్తారు. ప్లాస్టిక్కును కరిగించి గింజలు చేస్తారు. డబ్బా బాగుంటే మటుకు రీఫిల్లింగోళ్లు కొనుక్కుంటారు. అందరూ అంతే చేస్తాండారు."

అంటే అక్క పెట్టెలో వేసినవి ఎన్ని తిరుగుతున్నాయో. ఎన్ని పత్రాల మీద, ఎన్ని ఊళ్లలో వేలు పెడుతున్నాయో. పట్టపగలు, వీధిలో బస్సులు మోగుతుంటే, సుత్తి తీశాను.

కానీ మనసు ఒప్పలేదు. ఒక్కటి చూసుకుందామని కార్ట్రిడ్జ్‌ను ప్రింటర్లో పెట్టి ఖాళీ పేజీ తీశాను. వేలు వచ్చింది, వెచ్చగా. ఇంకొకటి తీశాను. కొంచెం పలచబడింది. కాగితం నడిచిన ప్రతిసారీ రబ్బరు పట్టీ డ్రమ్‌ను తుడుస్తూనే ఉంటుందని నాకు తెలుసు. తెలిసీ ఆగలేకపోయాను. అక్క వస్తుంటే ఎవరాపుతారు? గాటు సన్నగిల్లింది. తర్వాత వేలి అంచులు పోయాయి. తర్వాత ఒక మసక. ఎన్నో పేజీకో తెల్లగా వచ్చింది. తళతళలాడే తెలుపు. ఇప్పుడు ఆ కార్ట్రిడ్జ్‌ను ఎవరికిచ్చినా సంతోషంగా తీసుకుంటారు.

లోపల సూదితో ఐదో గీత గీశాను. తర్వాత సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను, ఎవడూ మళ్లీ నింపలేకుండా. ఏడుపు ఆగలేదు. అక్కను చేతులారా తుడిచేశాను.

ముక్కల్ని సంచిలో కట్టి, ఆ తెల్ల కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాను. అంచున నల్లగా ఒక బొటనవేలు. వెలుతురుకు ఎత్తి, ఆశగా, గాటు కోసం వెతికాను.

లేదు. అది పొడి అంటిన నా వేలే.