స్కేలు కింది మార్కు

షగుఫ్తా పుట్టింది కట్టంగూర్‌లోనే. తండ్రి అబ్దుల్ ఖాదర్ పరుపులు కుట్టేవాడు, తల్లి జన్నత్ బీ దూది ఏకేది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, తిట్టుకునేది ఉర్దూ. ఆ పిల్ల తెలుగు పండిట్ ట్రైనింగ్ చేసి, ఊళ్ళోనే ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు టీచరైంది. పద్యం చెప్తే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. కానీ బళ్ళో ఆమెకు పేరొచ్చింది పద్యాలతో కాదు, ఒక చెక్క స్కేలుతో.

ఆ స్కేలు వెనక కథ ఉంది.

షగుఫ్తా తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల్లో నూటికి ముప్పై ఒకటి వచ్చాయి. కార్డు మీద సారు రాసింది మాత్రం, 'మంచి అమ్మాయి. ముత్యాల్లాంటి చేతిరాత. ఇలాగే కొనసాగించు.' జన్నత్ బీకి అంకెల కంటే అక్షరాలంటే నమ్మకం. పక్కింటి పిల్లతో ఆ మూడు మాటలూ చదివించుకుని, వాడకట్టులో బిస్కట్లు పంచింది. షగుఫ్తా నిజంగానే అలాగే కొనసాగించింది. పదో తరగతి లెక్కల్లో తప్పింది.

"సార్ శభాష్ అన్నడు, సర్కారు ఫేల్ అన్నది. ఎవరిది అబద్ధం?" అని జన్నత్ బీ అప్పుడు అడిగింది. షగుఫ్తా సప్లిమెంటరీలో గట్టెక్కింది గానీ ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు.

టీచరయ్యాక మూడో ఏడు పరీక్షల పని ఆమె నెత్తిన పడింది. అప్పుడే ఆ పద్ధతి మొదలుపెట్టింది. పిల్లల ప్రగతి కార్డులు ఇంటికి వెళ్ళేముందు ఒక్కొక్కటీ ముందు పెట్టుకుంటుంది. మార్కులూ గ్రేడూ ఉన్న గడుల మీద స్కేలు అడ్డం పెడుతుంది. టీచరు రాసిన మాట మాత్రమే చదువుతుంది. ఈ మాటను బట్టి ఈ పిల్లకు ఏ గ్రేడు వచ్చి ఉండాలి అని వేరే కాగితం మీద రాసుకుంటుంది. తర్వాత స్కేలు తీస్తుంది. వాళ్ళ బళ్ళో నలభై దాకా సి, యాభై దాకా బి, డెబ్బై దాకా బి ప్లస్, తొంభై దాకా ఏ, ఆపైన ఏ ప్లస్. తన అంచనాకూ కార్డుకూ ఒక మెట్టు తేడా ఉంటే పోనిస్తుంది. అంతకు మించితే ఆ మాట పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెడుతుంది.

చుక్క పడ్డ కార్డును ఆమె దిద్దదు. మాట తప్పో మార్కు తప్పో కార్డు చూస్తే తెలియదు కదా. జవాబు పత్రం తీయించి, ఆ సబ్జెక్టు టీచరు ముందు పెడుతుంది. దిద్దాల్సింది రాసినవాళ్ళే, సంతకం పెట్టాల్సిందీ వాళ్ళే. ఆ తర్వాతే చుక్క చెరిపేస్తుంది.

మొదట్లో అందరూ నవ్వారు. "మేడం స్కేలు పట్టుకుంటే పిల్లల కంటె మాకే భయం" అన్నాడు సైన్సు చెప్పే గిరి. ఆ ఏడే రిత్విక్ అనే ఏడో తరగతి పిల్లవాడి సోషల్ దగ్గర చుక్క పడింది. 'ప్రతి ప్రశ్నకూ వివరంగా రాశాడు' అని మాట, ముప్పై ఏడని మార్కు. పత్రం తీస్తే డెబ్బై మూడు. ఎక్కించేటప్పుడు అంకెలు తిరగబడ్డాయి. ఆనాటి నుంచి నవ్వడం ఆగింది. గొణగడం మాత్రం ఆగలేదు.

ఇక అసలు సంగతి. రెండువేల పదిహేడు. ఆ బళ్ళో ఇంకా తెలుగు మీడియం సెక్షన్ మిగిలి ఉన్న రోజులు. అర్ధ సంవత్సర పరీక్షలైపోయాయి. శనివారం తల్లిదండ్రుల మీటింగు. శుక్రవారం మధ్యాహ్నం షగుఫ్తా స్టాఫ్ రూములో ఎనిమిదో తరగతి కార్డులు చూస్తూ స్నేహలత దగ్గర ఆగింది.

భౌతిక శాస్త్రం దగ్గర గిరి రాసిన మాట: 'చాలా చురుకైన విద్యార్థిని. శభాష్. ఇలాగే కొనసాగించు.' షగుఫ్తా కాగితం మీద ఏ అని రాసుకుని స్కేలు తీసింది. ముప్పై ఎనిమిది. సి.

ఆ 'ఇలాగే కొనసాగించు' అనే మాట చూడగానే ఆమెకు బిస్కట్ల పొట్లం గుర్తొచ్చింది. చుక్క పెట్టి గిరిని పిలిచింది.

"ఎనభై మూడేమో మేడం, మల్ల తిరగబడ్డదేమో" అన్నాడు గిరి ఆశగా. ఆ పిల్లంటే అతనికి ఇష్టం. క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తేది ఆమే.

పత్రం తీశారు. ఇద్దరూ కలిసి మళ్ళీ కూడారు. ముప్పై ఎనిమిదే. ఘర్షణ గురించి అడిగిన దానికి ఆ పిల్ల బండి చక్రం, ఎద్దు గిట్ట, బాయి గిరక అన్నీ కలిపి రాసింది. బొమ్మలు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. పీడనం లెక్కలు వచ్చిన దగ్గర మాత్రం పేజీ తెల్లగా ఉంది. ఒక్క లెక్కా ముట్టుకోలేదు.

"మాట మార్చాలె గిరి సార్."

"ఏమని మార్చాలె? మొద్దు అని రాయాల్నా? వాళ్ళ నాయిన ఎల్లేశం గొర్లు కాస్తడు. గా ఒక్క మాట కోసమే మీటింగుకు వస్తడు పాపం. పిల్ల ఏడుస్తది."

"మొద్దు అని ఎవలు రాయమన్నరు? సి పక్కన శభాష్ అని ఉంటే శభాష్ చదువుతరు, సి చదవరు. మా అమ్మ గట్లనే మోసపోయింది."

గిరి మొహం ముడుచుకున్నాడు. ఇద్దరూ కరస్పాండెంట్ విజేందర్ దగ్గరికి పోయారు. ఆయన బడికి యజమాని. ఫోనులోంచి తల ఎత్తకుండానే తేల్చేశాడు. "మీటింగు రేపు. కార్డు మీద చెడ్డ మాట పడితె పిల్లలు పక్క బడికి పోతరు. ఉన్నది ఉండనీ మేడం."

ఆ మాట దిద్దే హక్కు షగుఫ్తాకు లేదు. అది ఆమె పెట్టుకున్న నియమమే, ఆమెకే అడ్డొచ్చింది. కార్డు కట్టలో పెట్టేసింది. చుక్క చెరపలేదు. మరిచిపోయిందో, చెయ్యి రాలేదో, తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆమె సరిగ్గా చెప్పలేదు.

అసలు తిరకాసు ఎక్కడుందంటే, దీపావళి సెలవుల తర్వాత వెనకబడ్డ పిల్లలకు సాయంత్రం గంటసేపు ప్రత్యేక తరగతి. పంపాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. స్నేహలత ఇంట్లో అప్పుడు గొర్రెలు ఈనుతున్నాయి. సాయంత్రం గొర్రెపిల్లలను తల్లుల దగ్గర పాలకు విడిచే పని ఆమెది. ఆ తరగతికి పోవాలంటే తండ్రి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ తెల్ల పేజీ తెల్లగానే తొమ్మిదో తరగతికి పోతుంది.

శనివారం ఎల్లేశం వచ్చాడు. భుజాన గొంగడి, కాళ్ళకు దుమ్ము. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు. పక్కన స్నేహలత నేల చూపులు చూస్తూ నిలబడింది. గిరి కార్డు తీసి మాట వరకు చదివాడు. చాలా చురుకైన విద్యార్థిని, శభాష్. సి అన్నది వదిలేసి కార్డు ముందుకు జరిపాడు.

ఎల్లేశం మొహం వెలిగింది. "బిడ్డ మంచిగనే చదువుతాందన్నట్టు. గట్లయితే పొద్దుమీకి క్లాసు ఎందుకు సార్? ఇంటికాడ పిల్లలను ఇడిచేటోళ్ళు లేరు. నేను మందెంట ఉంట."

రెండు బెంచీల అవతల రిజిస్టరు పట్టుకుని కూర్చున్న షగుఫ్తా పెన్ను ఆగింది.

ఎల్లేశం కార్డు చేతిలోకి తీసుకుని దూరంగా పట్టుకుని చూశాడు. అక్షరాలు రానివాడు కాగితాన్ని బొమ్మలాగా చూస్తాడు. అందుకే మనకు కనపడనివి అతనికి కనపడతాయి.

"గీ చుక్క ఏంది సార్? వేరే చోట యాడ లేదు. దీని కాడ్నే ఉంది."

గిరి షగుఫ్తా వైపు చూశాడు. షగుఫ్తా లేచింది. "నేనే పెట్టిన ఎల్లేశమన్నా. మాటకు, మార్కుకు జోడి కుదరకపోతే పెడ్త."

"ఏది కుదరలే?"

ఇక గిరే నోరు విప్పాడు. "మార్కులు తక్కువొచ్చినయి అన్నా. ముప్పై ఎనిమిది. నేను శభాష్ అని రాసిన. నీ మనసు నొచ్చుకుంటదని."

స్నేహలత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎల్లేశం కార్డు ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు, కోపంగా కాదు.

"సార్, మా మందల బక్కపిల్ల ఉంటే దాని నెత్తిన ఎర్రమట్టి జాజుతోని చుక్క పెడ్తం. ఎందుకు? నలుగుట్ల సిగ్గు తియ్యనీకా? దానికి రెండో తల్లి కాడ గుడ పాలు తాపాలెనని. చుక్క పెట్టకుంట మంచిగున్నదని మందల కలిపితే, పొద్దుగాలకు సచ్చి పడి ఉంటది. చుక్క పెట్టినోళ్ళు మంచోళ్ళే. నువ్వు శభాష్ అన్నవు, నేను పాలు బంద్ చెయ్యబోయిన."

గిరి చెవులు ఎర్రబడ్డాయి. కూతురి వైపు తిరిగి ఎల్లేశం అడిగాడు. "ఏడ తప్పింది బిడ్డా?"

"లెక్కల కాడ బాపూ" అంది స్నేహలత, ఇంకా కిందికే చూస్తూ. "బలం, వైశాల్యం అన్నీ ఎరుకే. అంకెల నడుమ చుక్క వస్తే భాగించుడు రాదు. జీరో పాయింట్ అంటే భయమైతది. అందుకే ఇడిచిపెట్టిన."

గిరి నాలుగు నెలలుగా చెయ్యెత్తిన పిల్లనే చూశాడు గానీ, దశాంశం దగ్గర చెయ్యి దించేసిన పిల్లను చూడలేదు. జేబులోంచి పెన్ను తీశాడు. పాత మాటను ఒక్క గీతతో కొట్టేశాడు, ఏం కొట్టేశాడో కనపడేట్టు. కింద రాశాడు: 'ఘర్షణ గురించి సొంత ఉదాహరణలతో చక్కగా రాసింది. పీడనం లెక్కలు వదిలేయడం వల్ల మార్కులు పోయి సి వచ్చింది. దశాంశ భాగహారం నేర్పించాలి. రోజుకు రెండు లెక్కలు చేయించండి.' సంతకం పెట్టి, తేదీ వేసి, ఈసారి గ్రేడుతో సహా గట్టిగా చదివాడు.

గుమ్మం దగ్గర నిలబడి విన్న విజేందర్ గొంతు సవరించుకున్నాడు. ఎల్లేశం ఆయన వైపు తిరిగాడు. "మీ బళ్ళ నిజం చెప్తరు సార్. మా తమ్ముని కొడుకును గుడ ఈడ్నే ఏస్త." విజేందర్ ఏదో అనబోయి, ఫోను మోగినట్టు నటించి వెళ్ళిపోయాడు.

"వారంల నాలుగు దినాలు పంపిస్త మేడం" అన్నాడు ఎల్లేశం లేస్తూ. "గా నాలుగు దినాలు పిల్లలను నేనే ఇడుస్త. మంద జర ముందుగాల మలుపుకొస్త."

షగుఫ్తా రబ్బరు తీసుకుని చుక్క చెరపబోయింది. ఎల్లేశం కార్డు వెనక్కి లాక్కున్నాడు. "ఉండనీ మేడం. బిడ్డ బలిసినంక తుడుస్తం."

ఏప్రిల్లో వార్షిక పరీక్షల కార్డులు వచ్చాయి. షగుఫ్తా స్కేలు అడ్డం పెట్టి గిరి చేతిరాత చదివింది. 'పీడనం లెక్కలు నాలుగింటిలో మూడు చేసింది. దశాంశం భయం పోయింది. యూనిట్లు రాయడం మరిచిపోతోంది, వేసవిలో అది చూసుకోవాలి.' కాగితం మీద బి ప్లస్ అని రాసుకుని, స్కేలు తీసింది.

యాభై ఆరు. బి ప్లస్.

ఆ పూట ఇంటికి పోతూ దుకాణం దగ్గర ఆగి బిస్కట్ల పొట్లం కొన్నది. జన్నత్ బీ పొట్లం అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది. "ఎవరు పాసైన్రు?"

"గిరి సార్" అంది షగుఫ్తా.