చివరి రోజు టికెట్టు

లేత్ మెషీన్ మీద పనిచేసే ఆయన్ని షెడ్డులో అందరూ లెక్కల బావ అంటారు. నిరుడు పండక్కి సొంతూరికి అదనపు బస్సు వేస్తే సీట్లు మిగిలి, చివరి రోజు టికెట్లు చవగ్గా దొరికాయి. ఆ అదృష్టాన్ని తన తెలివనుకున్నాడు మహానుభావుడు. ఈసారి రెండు నెలల ముందు తొమ్మిది వందలకే వస్తున్నా కొనలేదు. ఎంత పెరిగినా పదమూడు వందలు దాటదని అంచనా వేసి, నలుగురికీ డబ్బు పట్టుకుని సామానుతో బస్టాండుకొచ్చాడు.

"ఒక్కోటీ రెండువేల ఆరొందలండీ," అన్నాడు కౌంటరతను.

"అదనపు బస్సు వెయ్యలేదా?"

"అదే ఇది. నిన్ననే నిండిపోయింది. ఎవరో మానుకుంటే రెండు సీట్లు మిగిలాయి."

తెచ్చిన డబ్బు సరిగ్గా రెండు సీట్లకే వస్తుంది. భార్య ఆ నోట్లు తీసుకుని మళ్లీ లెక్కపెట్టింది. తిట్టినా బాగుండేది.

పెద్దపిల్ల సంచిలోంచి తన బట్టలు తీసేసుకుంటూ అంది: "నిరుటి పండగ నాకు గుర్తుంది నాన్నా. తమ్ముడికే గుర్తులేదు. అమ్మనీ వాణ్ణీ పంపించు."