సిరివెళ్లలో దిగిన ఎరువు

నంద్యాల లారీ ఆఫీసులో లెక్కలు రాసే రూతు అప్పుడే టీ గ్లాసు చేతికి తీసుకుంది. పొద్దున పదకొండున్నర. యజమాని చెన్నకేశవులు ఆళ్లగడ్డ రైసుమిల్లులో ఉన్నాడు. పన్నెండుకు ఒప్పందం మీద సంతకం. ఆరు నెలలు అక్కడి బియ్యం నంద్యాలకు తోలాలి. టన్నును కిలోమీటరు మోస్తే నాలుగు రూపాయల తొంభై పైసలు. ఖర్చు నాలుగున్నర, లాభం నలభై పైసలు. లెక్క రూతుదే.

డ్రైవరు గురవయ్య ట్రిప్పు షీటు బల్ల మీద పెట్టి, "టైర్లు అరిగిపోతాండాయమ్మా. సిరివెళ్ల దాటినాంక ఖాళీ బండి ఎగిరెగిరి పడతాది" అన్నాడు.

రూతు తలెత్తింది. "ఖాళీ ఏందీ? ఈడ ఎక్కించిన ఎరువు ఆళ్లగడ్డ దాకా పోతాది కదా."

"బిల్లు ఆళ్లగడ్డ షాపుది. గోడౌను సిరివెళ్లలో ఉండాది. అంతా ఆడనే దింపుతాము. నాలుగేండ్లుగా అంతే."

గ్లాసు పక్కన పెట్టింది. బిల్లు మీది ఊరి పేరు చూసి, వెళ్లే దారంతా పది టన్నులు మోసినట్టు రాసుకుంటూ వచ్చింది. నిజానికి వచ్చేటప్పుడు బియ్యం నలభై రెండు కిలోమీటర్లు, వెళ్లేటప్పుడు ఎరువు ఇరవై ఒకటే. ట్రిప్పుకు ఎనిమిది వందల నలభై కాదు, ఆరు వందల ముప్పై టన్ను-కిలోమీటర్లు. నెలకు యాభై ట్రిప్పులు. డీజిలు, జీతాలు, టైర్లు, ఇన్సూరెన్సు, బండి తరుగుదల అన్నీ కలిపి లక్షా ఎనభై తొమ్మిది వేలు. అందులో మార్పు లేదు. దాన్ని నెలకు ముప్పై ఒక్క వేల ఐదు వందల టన్ను-కిలోమీటర్లతో భాగించింది. ఆరు రూపాయలు. మళ్లీ భాగించినా ఆరే.

చెన్నకేశవులుకు ఫోను చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు.

"రూతమ్మా, పెన్ను చేతిలో ఉండాది. తొందరగా చెప్పు."

"సంతకం పెట్టొద్దన్నా. లెక్క తప్పు. తప్పు నాదే."

అవతల మేనేజరు నవ్వు వినిపించింది. చెన్నకేశవులు గొంతు తగ్గించాడు. "ఎంత తప్పు?"

"ఖర్చే ఆరు పడతాండాది. నాలుగు తొంభైకి ఒప్పుకుంటే బియ్యం మీదనే నెలకు ఇరవై మూడు వేలు పోతాయి." ఎరువు ఎక్కడ దిగుతుందో చెప్పింది.

అతను మేనేజరుతో "ఆరు నలభై అయితే చేస్తామప్పా" అనడం వినిపించింది.

"ఐదుకు తోలేవాళ్లు బయట కూర్చోనుండారు. దయచేయప్పా" అన్నాడు మేనేజరు. కుర్చీ జరిగిన చప్పుడైంది.

కాసేపటికి మిల్లు బయటి నుంచి మాట్లాడుతున్నట్టు చెన్నకేశవులు గొంతు వచ్చింది. "పోయిందిలే. గురవయ్య ఇన్నాళ్లూ చెప్పలేదా?"

"నేను అడగలేదన్నా."

"నేనూ అడగలేదు. ఆయప్ప ఆడనే ఉండాడా? సిరివెళ్లలో ఎవురన్నా ఆళ్లగడ్డకు సరుకు పంపుతాండారేమో కనుక్కో. ఎన్ని టన్నులో కూడా అడుగు. బిల్లు చూసి రాయొద్దు."

రూతు ఫోను చెవికి ఆనించుకునే గురవయ్యకు కుర్చీ చూపించింది.