ఒక్క 'రు'

ఇస్త్రీ బల్ల మీద కాగితం పరిచి ఆమె మూడు ముక్కలు రాసింది: "టీచరూ, నిన్న క్లాసుకి రాలేదు. అమ్మ పోయింది. ఏమనుకోకు." యాభయ్యో ఏట రాత్రిబడిలో నేర్చిన అక్షరాలు కుంటుతూ నడిచాయి.

కూతురు చదివి పెన్ను అందుకుంది. "'రాలేకపోయాను' అని రాయాలమ్మా. టీచర్ని 'ఏమనుకోకు' అంటారా? 'దయచేసి క్షమించండి' అనాలి. 'అమ్మ పోయింది' కాదు, 'మా అమ్మగారు చనిపోయారు'. పెద్దవాళ్లకి మర్యాద."

తల్లి అంతా బుద్ధిగా ఎత్తి రాసింది. 'చనిపోయారు'లో చివరి 'రు' దగ్గర చెయ్యి ఆగింది. నలభై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి అంట్లు తోమిన తన తల్లిని "ఒసే" అనని గుమ్మం లేదు.

"మీ అమ్మమ్మకి ఈ 'రు' దక్కాలంటే చావాల్సొచ్చిందే," అంది.